పుల్లమ్మవ్వకు తాత పెట్టిన పేరు

ప్రశ్న: మా అమ్మమ్మ పేరు పుల్లమ్మ, వయసు 83. ఆ పేరు వాళ్ళ తాత పెట్టాడట. ఆడపిల్ల పుట్టిందన్న చిన్నచూపుతోనే అలా పెట్టాడని ఆమె ఇప్పటికీ నొచ్చుకుంటుంది. ఆమె తమ్ముడికి మాత్రం చక్కగా దేవుడి పేరు పెట్టారు. ఈ పేరుకు అర్థం ఏమిటి? ఆయన ఎందుకు పెట్టాడో ఇప్పుడు తెలుసుకునే దారి ఉందా?

జవాబు:

తెలుగు పండితుడిగా ముప్పై ఏళ్ళకు పైగా బడి హాజరు పట్టీల్లో ఎన్నో పాతకాలపు పేర్లు రాశాను. పుల్లయ్య, పుల్లమ్మ అన్న పేర్లను ఒక్కసారి కూడా ఆగి ఆలోచించకుండానే రాసుకుంటూ పోయాను. ఆ పేరు సంగతి నాకు తెలిసింది ఉద్యోగ విరమణ తర్వాత, 2014లో, గిద్దలూరు ప్రాంతంలో మా వీధి చివర ఉండే ఒక పుల్లమ్మవ్వ వల్ల. అప్పటికి ఆమెకు 78 ఏళ్ళు. మీ అమ్మమ్మ విషయంలో మీరు వెతకవలసిన ఆనవాళ్ళు దాదాపు అన్నీ ఆ అవ్వ కథలో ఉన్నాయి కనుక, జరిగింది జరిగిన వరుసలోనే చెబుతాను.

అవ్వ నా దగ్గరికి వచ్చింది పేరు అర్థం కోసం కాదు, కాగితాల కోసం. ఆమె పెళ్ళినాడు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఎకరన్నర పొలం రాసిచ్చారు. ఆ పొలం పాసుపుస్తకంలో ఒక పేరు, ఆధార్ కార్డులో ఇంకో పేరు ఉన్నాయని ఒక కార్యాలయంలో ఆమె దరఖాస్తును రెండుసార్లు తిప్పి పంపారు. పొలం కాగితం నకలు తీయించి చూస్తే అందులో 'లక్ష్మీదేవి అను పుల్లమ్మ' అని ఉంది. పాసుపుస్తకం రాసినవారు అందులో మొదటి పేరును తీసుకున్నారు, ఆధార్ రాయించుకున్న రోజున అవ్వ తనను అందరూ పిలిచే పేరు చెప్పింది. చిక్కు అక్కడ పడింది.

ఆ నకలు చదివి వినిపించినప్పుడు అవ్వ మొహం చూడవలసింది. "లక్ష్మీదేవి ఎవురు అయ్యవారా?" అని అడిగింది. మీరేనమ్మా అంటే నమ్మలేదు. పాసుపుస్తకం మీది పేరును అత్తగారిదో, ఆడబిడ్డదో అనుకుంటూ వచ్చిందట. తనకు ఇంత మంచి పేరొకటి ఉండి ఉంటే, జీవితమంతా తనను పుల్లమ్మ అని ఎందుకు పిలిచినట్టు? ఆ రోజు ఆమె దరఖాస్తు సంగతి పక్కన పెట్టి, ఆ పేరుతో తాను పడిన అవస్థంతా చెప్పుకొచ్చింది. చిన్నప్పుడు పిల్లలు "పుల్లమ్మ పుల్లలు పెడుతుంది" అని పాటకట్టేవాళ్ళు. అత్తగారింట చింతపండు పిసికిన ప్రతిసారీ "నీ పేరులోనే పులుపుంది, ఇంకెందుకు పిసకడం" అని ఎవరో ఒకరు అనేవారు. ఏ పని మీద ఎటు వెళ్ళి వట్టి చేతులతో తిరిగి వచ్చినా, పుల్లయ్య వేమవరం వెళ్ళొచ్చినట్టు అన్న సామెతను ఆమె మొగుడు పుల్లమ్మకు మార్చి వాడేవాడు. వీటన్నిటికన్నా ఆమెకు ఎక్కువగా గుచ్చుకున్నది తమ్ముడి పేరు. తన తర్వాత మూడేళ్ళకు పుట్టిన తమ్ముడికి అదే తాత తిరుపతి కొండ దేవుడి పేరు పెట్టి, తలనీలాలు కూడా అక్కడే ఇప్పించాడు.

పేరుకు ఆమె తనకు తానుగా చెప్పుకున్న కారణం ఒకటి ఉండేది, అది వినడానికి సబబుగానే ఉండేది. వాళ్ళ తాత విస్తళ్ళు కుట్టేవాడు. నల్లమల అంచు పల్లెల్లో మోదుగాకు కోసుకొచ్చి, ఎండబెట్టి, బండ కింద అణచి, కుట్టే ముందు ఆకు విరగకుండా నీళ్ళు చిలకరించి, నడుమ ఒక ఆకు పెట్టి చుట్టూ ఆరేడు ఆకులు చేర్చి, సన్నని ఈనె పుల్లలతో గుచ్చి విస్తరి కుట్టేవారు. పుల్లను పళ్ళ మధ్య పట్టుకుని, గుచ్చి, మిగిలిన ముక్కను విరిచి, మళ్ళీ గుచ్చడమే ఆ పని అంతా. తాత పక్కన కూర్చుని పుల్లలు అందించే పిల్ల కనుక తనకు ఆ పేరు అంటుకుందని ఆమె సర్దిచెప్పుకుంది. "ముద్దొస్తే పుల్లాకూ అని పిలిచేవాడు. పుల్లా ఆయన చేతిలోదే, ఆకూ ఆయన చేతిలోదే గదా" అంది.

అక్కడ నేను ఆగాను. పుల్లను, ఆకును కలిపితే పుల్లాకు అవుతుంది, నిజమే. కానీ పుల్లాకు అన్నది తెలుగులో ముందునుంచీ ఉన్న మాట, దానికి అర్థం వేరు. పుల్లె అన్నా, పుల్లాకు అన్నా, తినేసి వదిలిన ఆకు, అంటే ఎంగిలి విస్తరాకు. ఇప్పుడు మాటల్లో దాదాపు వినపడదు గాని పాత నిఘంటువుల్లో ఉంటుంది. విస్తళ్ళు కుట్టి బతికిన మనిషికి ఆ మాట తెలియకపోవడం జరగదు. శుభ్రమైన కొత్త ఆకును ఆయన పుల్లాకు అని ఎప్పుడూ అనడు. అంటే ఆయన మనవరాలిని ముద్దుగా పిలిచిన మాట 'ఎంగిలి విస్తరాకా' అన్నమాట.

నేను ఆ సాయంత్రం ఆమెకు ఈ మాట చెప్పలేదు. ఎనభైకి దగ్గరపడిన మనిషితో నీ పేరుకు అర్థం ఇదమ్మా అని చెప్పి ఇంటికి పంపడం నాకు మనస్కరించలేదు. దానికి మిగతా సగం ఏదో ఉండి తీరాలని మాత్రం అనిపించింది. ఎందుకంటే ఇదే కోవకు చెందిన పేర్లు నాకు వేరే తెలుసు. పెంటయ్య, పెంటమ్మ అన్నవాళ్ళను పుట్టగానే పెంటకుప్ప మీద పెట్టి తీసుకుంటారు. విజయనగరం, శ్రీకాకుళం వైపు తవుడు, తవిటయ్య, తవిటమ్మ అన్నవాళ్ళను తవుడుకు అమ్మి తిరిగి తెచ్చుకుంటారు. బిచ్చయ్య, బిచ్చమ్మలు అడుక్కుని తెచ్చుకున్న బిడ్డలు. మన దగ్గరే కాదు, ఖుదీరాం బోస్ పేరు కూడా ఇటువంటిదే. ఆయనకు ముందు పుట్టిన అన్నలు ఇద్దరు పోయారు. అందుకని ఆయనను కన్నవారు పెద్దక్కకు మూడు గుప్పెళ్ళ నూకలకు అమ్మినట్టు తంతు జరిపించారు. బెంగాలీలో ఖుద్ అంటే నూకలు, ఖుదీరాం అన్న పేరు అలా వచ్చింది. ఈ పేర్లన్నిటికీ ఆధారం ఒకే భయం: వరసగా బిడ్డలు పోతున్న ఇంట్లో, మృత్యువుకు ఈ బిడ్డ మీద కన్ను పడకూడదు. బిడ్డ మనది కాదనీ, విలువైనది కాదనీ, పారేసిన సరుకనీ నమ్మించాలి. పేరు ఆ నమ్మకానికి రోజూ పదిసార్లు పలికే సాక్ష్యం.

ఈ పేర్ల సంగతి తెలిసీ పుల్లమ్మ పేరును నేను ఎన్నడూ వాటి పక్కన పెట్టి చూడలేదు. పెంటమ్మ అనగానే పెంట వినపడుతుంది, తవిటమ్మ అనగానే తవుడు వినపడుతుంది, పుల్లమ్మ అంటే మాత్రం వంటచెరుకు పుల్ల వినపడుతుంది తప్ప ఆకు వినపడదు. మాట వాడుకలోంచి జారిపోతే పేరుకు కాపలా ఉండే అర్థం కూడా దానితోనే పోతుంది.

మరునాడు అవ్వను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను, మీకన్నా ముందు మీ అమ్మకు పిల్లలు పుట్టారా అని. "ఒకడు పోయినాడంటారు" అంది. అంతకు మించి ఆమెకు తెలియదు. తాత ఆమెకు పదకొండో ఏట పోయాడు. పద్నాలుగో ఏట పెళ్ళయి వేరే ఊరు వచ్చేసింది. మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్ళేలోపే తల్లి కూడా పోయింది. చెప్పవలసిన ఇద్దరూ చెప్పకుండానే వెళ్ళిపోయారు.

ఇటువంటప్పుడు కాగితాలను నమ్ముకోవచ్చా అంటే కొంతవరకు నమ్ముకోవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో గ్రామ మునసబులు జనన మరణాల పుస్తకం రాసేవారు. అయితే అందులో పుట్టిన బిడ్డ పేరు చాలాసార్లు ఉండదు, పేరు పెట్టకముందే రాయించేవారు కనుక 'ఆడ' లేదా 'మగ' అనీ, తండ్రి పేరనీ మాత్రమే ఉంటాయి. పేరు కోసం కాక, అదే తండ్రి పేరుతో మూడు నాలుగేళ్ళ వ్యవధిలో పసిబిడ్డల మరణాలు ఉన్నాయా అని వెతికితే ఆ పుస్తకం ఉపయోగపడుతుంది. కారణం గడిలో జ్వరం అనో ఇతరములు అనో ఉంటుంది, దాన్ని పట్టించుకోవలసిన పని లేదు. గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు వారైతే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో, అంతకుముందు ఆ తాలూకాలు కర్నూలు జిల్లావి, కాబట్టి పాత కాగితాల మీద కర్నూలు అని ఉంటే తప్పు పట్టీ చూస్తున్నామని పక్కన పెట్టకూడదు. మా అవ్వ ఊరి పుస్తకం మాత్రం చెదలు తినగా మిగిలిన అట్టలే దొరికాయి. గ్రామాధికారుల వ్యవస్థ 1984లో రద్దయ్యాక ఇటువంటి పుస్తకాలు చేతులు మారిన తీరు తెలిసినవారికి ఇది వింత కాదు.

కాగితం లేకపోతే మనిషిని వెతకాలి. అవ్వ పుట్టిన ఊళ్ళో, ఆమె కన్నా పది పన్నెండేళ్ళు పెద్దవారు, అదే వీధివారు ఎవరైనా ఉన్నారా అని వాకబు చేశాం. ఈ వయసు తేడా ముఖ్యం. అయిదేళ్ళు పెద్దవారికి ఏమీ గుర్తుండదు, పాతికేళ్ళు పెద్దవారు బతికి ఉండరు. చివరికి అవ్వ పుట్టింటి ఎదురింట్లో పుట్టి పెరిగిన ఒకామె, తొంభై ఏళ్ళ మనిషి, కంభంలో మనవడి దగ్గర ఉంటుందని తెలిసింది. కళ్ళు సరిగా కనపడవు గాని మాట స్పష్టంగా ఉంది. ఒక ఆదివారం నాడు అవ్వను వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఫలానా వారి మనవరాలిని అని అవ్వ చెప్పుకోగానే ఆ పెద్దామె చేయి చాపి, అవ్వ మొహం తడిమి, "పుల్లాకువేనంటే నువ్వు?" అంది. ఆ మాట అవ్వ చెవిన పడి అరవై ఏళ్ళు దాటింది.

పెద్దామె చెప్పడం మొదలుపెట్టింది పేరుతో కాదు, ఊయలతో. అవ్వ తల్లికి మొదట ముగ్గురు మగపిల్లలు పుట్టారు. ముగ్గురూ పుట్టినప్పుడు బాగానే ఉన్నారు, బాగానే ఏడ్చారు, పాలు తాగారు. ఆరో రోజో ఏడో రోజో వచ్చేసరికి నోరు తెరవలేకపోయారు, పాలు పట్టలేదు, ఒళ్ళు విల్లులా వంగి బిగుసుకుపోయింది, పదో రోజు దాటలేదు. పురుడు కార్యం చేయకముందే ముగ్గురూ వెళ్ళిపోయారు. ఇంటి దూలానికి ఊయల తాడు కట్టడం, విప్పడం మూడుసార్లు జరిగింది. నాలుగోసారి కట్టవద్దని తాత అన్నాడట.

ఆమె చెప్పిన తీరు వింటే ఈ రోజున ఏ నర్సుకైనా అది పసిబిడ్డల ధనుర్వాతం అని తెలిసిపోతుంది. బొడ్డు కోసిన కొడవలి మీదనుంచో, బొడ్డుకు అద్దిన పేడ బూడిదనుంచో క్రిములు లోపలికి వెళతాయి, వారం రోజుల్లో రోగ లక్షణాలు పైకి కనపడతాయి. తల్లికి టీకా వేయడం, శుభ్రమైన బ్లేడు వాడడం అలవాటయ్యాక అది తగ్గుతూ వచ్చింది. మన దేశంలో దాన్ని అదుపు చేయగలిగామని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది 2015లో. 1936లో ఆ పల్లెలో ఎవరికీ ఇవేవీ తెలియవు. ఒకే ఇంట్లో, ఒకే మంత్రసాని చేతి మీదుగా, ఒకే కొడవలితో బొడ్డు కోయించుకున్న ముగ్గురు బిడ్డలు ఒకే విధంగా పోతే, ఇంటి మీద ఏదో కన్నేసి కూర్చుందని అనుకోవడం తప్ప వారికి వేరే దారి కనపడలేదు.

నాలుగో కాన్పులో అవ్వ పుట్టింది. మూడో రోజున ఎదురింట్లో, అంటే ఈ పెద్దామె ఇంట్లో, మేనత్త పెళ్ళి. అప్పటికి ఈమె పన్నెండేళ్ళ పిల్ల. పెళ్ళింటి వెనుక ఎంగిలాకులు వేసే కుప్ప దగ్గర కర్ర పట్టుకుని నిలబడి కుక్కలను తోలడం ఈమెకు అప్పగించిన పని. భోజనాలకు విస్తళ్ళు కుట్టిచ్చింది అవ్వ తాతే. పురిటి మైల కనుక ఆయన పెళ్ళిలోకి రాలేదు, భోజనానికి కూర్చోలేదు. కానీ మూడో పంక్తి లేచే వేళకు కుప్ప పక్కన వేపచెట్టు కింద వచ్చి నిలబడ్డాడు.

"నన్ను జూసి సిగ్గుపడినాడు" అంది పెద్దామె. "ఏం తాతా అంటే, ఆకు కావాలన్నాడు. కొత్తవి అటకమీదుండాయి తెచ్చియ్యనా అన్నాను. కొత్తది గాదులేమ్మా అన్నాడు."

ఆయన చూపు ఆ పంక్తిలో ఒకే మనిషి మీద ఉందట. ఆ ఇంట వడ్లు దంచే ఆమె, ఏడుగురిని కని ఏడుగురినీ దక్కించుకున్న తల్లి. ఆమె లేచి విస్తరి మడిచి కుప్ప మీద వేసేదాకా కదలలేదు. వేయగానే వంగి, ఆ ఆకునే, దాని మీద మరో ఆకు పడకముందే తీసుకున్నాడు. ఎంగిలి అంటితే చెరువుకు వెళ్ళి మునిగి వచ్చే మనిషి దాన్ని దులపలేదు, కడగలేదు. పైపంచె కొంగు కింద దాచుకుని, వీధి వైపు రాకుండా దొడ్డి దారిన ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి సంగతి పెద్దామెకు తల్లి చెప్పగా తెలిసింది. ఇంటి వెనుక చూరు కింద ఆకు పరిచి, దాని మీద పాతగుడ్డ వేసి, పసిబిడ్డను ముమ్మారు అటూ ఇటూ దొర్లించారు. ఆకుతో సహా తీసుకెళ్ళి పెంటకుప్ప వార పెట్టారు. ముందే మాట్లాడి పెట్టుకున్న ఆ వడ్లు దంచే ఆమె అటు వచ్చి, "ఎవురో పుల్లాకు పారేసినారే, నేను దీసుకుంటాండా" అని బిడ్డను ఎత్తుకుని, ఇంటి ముందువైపు నుంచి వచ్చి, గుప్పెడు జొన్నలు తీసుకుని తల్లి ఒడిలో వేసింది. పురుడు నాడు బియ్యం మీద ఉంగరంతో రాసిన పేరు లక్ష్మీదేవి. ఆ పేరు రాసి, చేత్తో చెరిపేసి, పైకి పిలిచింది పుల్లమ్మ అని. చెరిపేసిన పేరు ఆ తర్వాత పొలం కాగితంలో ఒక్కచోటే బయటపడింది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆ బిడ్డను బతికించింది ఆకు కాదు. పైగా మూడు రోజుల పచ్చి బొడ్డుతో ఉన్న బిడ్డను ఎంగిలాకు మీద దొర్లించడం ఎంత ప్రమాదమో ఇప్పుడు మనకు తెలుసు. ధనుర్వాతం పట్టిన ఇంట్లో కూడా ప్రతి బిడ్డా పోదు, ఈ బిడ్డ పోలేదు, అంతే. అయినా ఆ ముసలాయన తెలియని శత్రువుతో తనకు తెలిసిన ఒకే ఒక్క ఎత్తు వేశాడు. దాని కోసం తన పట్టింపునంతా కొంగు కింద చుట్టి పెట్టుకున్నాడు.

పేరు అర్థం పిల్లకు ఎందుకు చెప్పలేదని నేను అడిగాను. చెబితే తంతు చెడుతుందన్నది వాళ్ళ కట్టుబాటు అని పెద్దామె అంది. బిడ్డను అందంగా ఉందని అనకూడదు, కొత్త గుడ్డ కట్టి నలుగురిలోకి తేకూడదు, ఆ పేరు ఎందుకు పెట్టారో బిడ్డ చెవిన వేయకూడదు. ఆడపిల్లయితే తన కడుపున ఒక బిడ్డ పుట్టి దక్కాక తల్లి చెప్పాలి. ఆ గడువు రాకముందే తల్లి పోయింది. తమ్ముడికి దేవుడి పేరు ఎందుకు పెట్టారన్నదానికి ఆమె నవ్వి, "అక్క నిలబడినాక తమ్మునికి భయమేముండాది?" అంది. మూడేళ్ళ పిల్ల ఇంట్లో తిరుగుతుంటే ఇంటి మీది కన్ను తొలగిందని వారికి ధైర్యం వచ్చింది. మా అవ్వ జీవితమంతా చిన్నచూపుకు రుజువుగా చూపిస్తూ వచ్చిన తమ్ముడి పేరు అసలు ఆమె బతకడం వల్ల సాధ్యమైన పేరు.

అవ్వ ఏడవలేదు, ఏమీ అనలేదు. చాలాసేపు మంచం పట్టె మీద గోటితో గీస్తూ కూర్చుంది. తర్వాత, "ఆ ఆకులో ఏం వడ్డించినారక్కా ఆ పొద్దు?" అని అడిగింది. పెద్దామె ఏమాత్రం తడుముకోకుండా, "గుమ్మడికాయ పులుసు, వంకాయ కూర, బెల్లం పాశం" అని చెప్పింది. ఇద్దరూ ఆ తర్వాత గంటసేపు మాట్లాడుకున్నది ఆ పెళ్ళి వంటల గురించే. నేను బయట అరుగు మీద కూర్చున్నాను.

ఇక మీ అమ్మమ్మ సంగతి. పుల్లమ్మ అన్న ప్రతి పేరూ ఈ తంతు నుంచి వచ్చిందని అనుకోకండి. ఒకసారి ఒక ఇంట్లో ఇలా పుట్టిన పేరు, ఆ తర్వాత ముత్తవ్వ పేరు మనవరాలికి పెట్టే వాడుక ప్రకారం ఎటువంటి భయమూ లేకుండానే కిందికి దిగుతుంది. ఎరుపు కలిసిన గోధుమ రంగు పశువును పుల్ల అంటారు, ఆ ఛాయ బిడ్డకూ పేరు కాగలదు. కాబట్టి ముందుగా మీ అమ్మమ్మకు పై రెండు మూడు తరాల్లో ఆ పేరు గలవారు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. ఉంటే, వెతకవలసింది వారి పుట్టుక గురించి. లేకపోతే తంతు జరిగిందనడానికి బలం పెరుగుతుంది.

ఆ తర్వాత ఆమెకు ముందు ఎందరు పుట్టి పోయారో అడగండి. 'ఒకరు' అన్న జవాబుతో ఆగవద్దు, ఆ తరంలో తల్లులు పురుడు దాటని బిడ్డలను లెక్కలో చెప్పేవారు కాదు. తల్లిదండ్రుల పెళ్ళికి, ఆమె పుట్టుకకు మధ్య ఎన్నేళ్ళున్నాయో చూస్తే లెక్క తేలుతుంది. మా అవ్వ విషయంలో ఆ మధ్యకాలం ఏడేళ్ళు, దాన్ని నేను ముందే గమనించి ఉండవలసింది. ముక్కుకో చెవికో మామూలు చోట కాకుండా పసితనంలోనే కుట్టిన గుర్తు ఉందా, పుట్టింటి ఊళ్ళో రక్తసంబంధం లేని ఒక ఆడమనిషిని అమ్మ అనో పెద్దమ్మ అనో పిలిచేదా, ఆ ఇంటినుంచి చీరో రవికెగుడ్డో వచ్చేదా అని కూడా అడగండి. బిడ్డను 'తీసుకున్న' తల్లితో ఆ వరస చాలా ఇళ్ళలో కొనసాగేది. పాత దస్తావేజులో 'అను' అనో 'ఉరఫ్' అనో రెండో పేరు కనపడితే అది చెరిపేసిన పేరు కావచ్చు. మీరు రాసినదాన్ని బట్టి తమ్ముడి పేరు అన్న ఆనవాలు ఇప్పటికే మీ చేతిలో ఉంది.

తెలిసినదాన్ని ఆమెకు చెప్పేటప్పుడు మాటల వరస జాగ్రత్తగా చూసుకోండి. ఎంగిలాకు అన్న మాటతో మొదలుపెడితే మిగతాది ఆమె చెవికి ఎక్కదు. కంభంలో ఆ పెద్దామె చెప్పినట్టు, పోయిన బిడ్డలతో మొదలుపెట్టి, తాతను కుప్ప దగ్గరికి నడిపించి, ఆకును ఆఖరున చూపించండి. ఆమె తాత ఆమెను ముద్దుగా ఏమని పిలిచేవాడో మాత్రం అన్నిటికన్నా ముందు అడగండి. మా అవ్వకు జవాబు 78 ఏళ్ళూ ఆ పిలుపులోనే ఉంది.

కాగితాల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. పొలం కాగితం, ఇద్దరు సాక్షుల అఫిడవిట్టు జతచేసి, ఆధార్‌లో పేరు లక్ష్మీదేవి అని మార్పించాం. పొలం ఆమె పేరన నిలవాలంటే అది తప్పలేదు. కొత్త కార్డు వచ్చిన రోజున వీధిలో పోస్టుమాన్ "లక్ష్మీదేవి ఎవరమ్మా" అని రెండుసార్లు కేకవేసినా, అరుగు మీదే కూర్చుని ఉన్న అవ్వ పలకలేదు. నేను వెళ్ళి తీసుకుని ఇచ్చాను.